తొమ్మిదో రోజు లెక్క: ఒకే ఒక్క కలయికతో గర్భం వచ్చే అవకాశం ఎంత?

పెళ్లయి ఐదేళ్లయిన ఒక జంటను ఊహించుకోండి. మూడేళ్ల పాప ఉంది. రెండో బిడ్డను ఇంకో రెండేళ్ల తర్వాత కనాలని ఇద్దరూ అనుకున్నారు. మామూలుగా కండోమ్ వాడతారు. ఒక రాత్రి మాత్రం వాడలేదు. తెల్లారాక ఆమె మనసు కుదుటపడలేదు.

"ఏవండీ, నాకెందుకో భయంగా ఉంది."

"నెలసరి మొదలై తొమ్మిది రోజులేగా అయింది. పద్నాలుగో రోజుకి ఇంకా ఐదు రోజులుంది. ఏం కాదులే."

ఇలాంటి సంభాషణ ఎన్నో ఇళ్లలో జరుగుతుంది. ఆయన చెప్పిన మాట వెనుక ఒక నమ్మకం ఉంది. అండం పద్నాలుగో రోజున విడుదలవుతుందని, దానికి అటూ ఇటూ రెండు మూడు రోజులు జాగ్రత్తపడితే చాలని, మిగిలినవన్నీ 'సేఫ్' రోజులని చాలామంది అనుకుంటారు. బడిలో జీవశాస్త్రం పాఠంలో 28 రోజుల బొమ్మ, దాని మధ్యలో 14 అనే అంకె చూసినవారికి ఇది సహజంగానే తోస్తుంది. అయితే ఆ రాత్రి ఒక్క కలయికతో ఆమెకు గర్భం వచ్చే అవకాశం నిజంగా ఎంత? దీనికి శాస్త్రం దగ్గర అంకెల్లోనే సమాధానం ఉంది. కాకపోతే ఒకటి కాదు, రెండు సమాధానాలు. ఆ రెండింటికీ తేడా తెలియకపోవడంతోనే చిక్కంతా వస్తోంది.

మొదటి లెక్క: అండం విడుదల రోజు నుంచి

గర్భం రావాలంటే అండం, శుక్రకణం కలవాలి. ఈ రెండింటి ఆయుష్షు ఒకేలా ఉండదు. అండాశయం నుంచి బయటపడిన అండం దాదాపు 12 నుంచి 24 గంటలు మాత్రమే ఫలదీకరణకు పనికొస్తుంది. శుక్రకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు బతికి ఉండగలవు. అయితే అందుకు అనువైన పరిస్థితి ఉండాలి. అండం విడుదలకు ముందు రోజుల్లో ఈస్ట్రోజన్ హార్మోన్ పెరుగుతుంది. దాని ప్రభావంతో గర్భాశయ ముఖద్వారం వద్ద ఊరే జిగురు ద్రవం పలచబడి, పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. శుక్రకణాలు దానిలోంచి ఈదుకుంటూ పైకి వెళ్తాయి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ హార్మోన్ పెరగడంతో ఆ ద్రవం చిక్కబడి, దారి మూసుకుపోతుంది.

కాబట్టి గర్భం వచ్చే రోజులు అండం విడుదలకు ముందు ఎక్కువగా, తర్వాత దాదాపు లేనట్టుగా ఉంటాయి. 'అటూ ఇటూ సమానంగా' అన్న ఊహ ఇక్కడే తప్పవుతోంది. అండం కోసం శుక్రకణాలు ముందుగా చేరి ఎదురుచూడగలవు. శుక్రకణాల కోసం అండం అంతసేపు ఎదురుచూడలేదు.

ఈ విషయాన్ని అంకెల్లో చూపిన అధ్యయనం 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అమెరికా జాతీయ పర్యావరణ ఆరోగ్య విజ్ఞాన సంస్థకు చెందిన అలెన్ విల్‌కాక్స్, క్లారిస్ వైన్‌బర్గ్, డోనా బెయిర్డ్ దాన్ని నిర్వహించారు. నార్త్ కరోలినా రాష్ట్రంలో పిల్లలు కావాలనుకుని గర్భనిరోధక పద్ధతులు మానేసిన 221 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. వారు రోజూ ఉదయం మూత్రం నమూనా భద్రపరిచారు. ఏ రోజు కలయిక జరిగిందో రాసిపెట్టుకున్నారు. మూత్రంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్‌ల అవశేషాల నిష్పత్తి ఏ రోజున మారిపోయిందో చూసి, పరిశోధకులు అండం విడుదలైన రోజును నిర్ణయించారు. మొత్తం 625 రుతుచక్రాలను పరిశీలించగా 192 సార్లు గర్భం ఏర్పడినట్టు తేలింది.

ఆ గర్భాలన్నీ ఆరు రోజుల వ్యవధిలో జరిగిన కలయికలతోనే వచ్చినట్టు లెక్క తేలింది. అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు కలిపి ఆ ఆరు రోజులు. ఒక్కో రోజు కలయికకు గర్భం వచ్చే అవకాశం ఇలా ఉంది:

అండం విడుదలకు 5 రోజుల ముందు: 10 శాతం
4 రోజుల ముందు: 16 శాతం
3 రోజుల ముందు: 14 శాతం
2 రోజుల ముందు: 27 శాతం
ఒక రోజు ముందు: 31 శాతం
అదే రోజు: 33 శాతం

ఈ అంకెలను చదవడానికి మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, 16 తర్వాత 14 రావడానికి శరీరంలో ప్రత్యేక కారణమేమీ లేదు. రెండు వందల మందితో చేసిన అధ్యయనంలో అంకెలు ఆ మాత్రం ఊగిసలాడటం మామూలే. రెండోది, అండం విడుదలైన రోజును మూత్ర పరీక్షతో కచ్చితంగా పట్టుకోలేం. ఒక రోజు అటూ ఇటూ పొరపాటు పడవచ్చు. ఆ పొరపాటును సరిచేసి తర్వాత వేసిన లెక్కల్లో, విడుదలకు ముందున్న రెండు రోజులే అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్నవిగా తేలాయి. విడుదల రోజు అవకాశం తగ్గింది.

మూడోది, రోజూ మూత్రం పరీక్షించారు కనుక, ఆ స్త్రీలకు తెలియకుండానే మొదలై తెలియకుండానే పోయిన గర్భాలు కూడా ఈ లెక్కలోకి వచ్చాయి. అదే పరిశోధక బృందం 1988లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏర్పడిన గర్భాల్లో 22 శాతం ఇలా నెలసరి సమయానికే ముగిసిపోయాయి. అందువల్ల 'టెస్ట్ చేయించుకుంటే తెలిసేంత గర్భం' గురించి అడిగితే పై అంకెలు కొంచెం తగ్గుతాయి.

ఇంతకీ ఒకే ఒక్క కలయిక ప్రభావాన్ని ఎలా విడదీశారు? పిల్లలు కావాలనుకునే జంటలు ఆ ఆరు రోజుల్లో ఒక్కసారి మాత్రమే కలుస్తారని చెప్పలేం. పరిశోధకులు ప్రతి కలయికకూ విడిగా ఒక అవకాశం ఉంటుందని, ఒకదాని ఫలితం మరోదానిపై ఆధారపడదని తీసుకున్నారు. సోమవారం కలయికతో గర్భం రాకపోవడానికి 90 శాతం, బుధవారం కలయికతో రాకపోవడానికి 86 శాతం అవకాశం ఉంటే, రెండింటితోనూ రాకపోవడానికి అవకాశం ఆ రెండింటి లబ్ధం, అంటే సుమారు 77 శాతం. ఇలాంటి లెక్కను వందల రుతుచక్రాల రికార్డులతో సరిపోల్చి, ఏ రోజుకు ఏ విలువ పెడితే వాస్తవంతో సరిపోతుందో చూశారు. పై పట్టికలోని అంకెలు అలా వచ్చినవే.

రెండో లెక్క: క్యాలెండర్ నుంచి

ఇప్పుడు మన జంట దగ్గరకు వద్దాం. ఆమెకు తెలిసింది నెలసరి మొదలైన తేదీ మాత్రమే. అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియదు. నిన్నటి కలయిక తొమ్మిదో రోజున జరిగింది. ఈ నెల అండం పద్నాలుగో రోజున విడుదలైతే, అది ఐదు రోజుల ముందు జరిగిన కలయిక. అవకాశం 10 శాతం. అంటే ఆయన చెప్పినట్టు పద్నాలుగో రోజే నిజమైనా, 'ఏం కాదు' అనడానికి వీల్లేదు. పదకొండో రోజునే విడుదలైతే రెండు రోజుల ముందు కలయిక అవుతుంది. అవకాశం 27 శాతానికి పెరుగుతుంది. పద్దెనిమిదో రోజున విడుదలైతే అప్పటికి శుక్రకణాలు బతికి ఉండవు. అవకాశం దాదాపు సున్నా. అదే ఇల్లు, అదే రాత్రి, అదే తొమ్మిదో రోజు. సమాధానం మాత్రం సున్నా, పది, ఇరవై ఏడు. ఏది నిజమో ఆ రోజున చెప్పగలిగేవారు ఎవరూ లేరు.

అలాంటప్పుడు చేయగలిగింది ఒక్కటే: అన్ని సందర్భాలనూ కలిపి సగటు తీయడం. ఉదాహరణకు తొమ్మిదో రోజున కలిసిన 100 జంటలను తీసుకుందాం. లెక్క అర్థం కావడానికి వారిలో అండం విడుదల ఇలా జరిగిందని అనుకుందాం: తొమ్మిదో రోజున ఒకరికి, పదో రోజున ముగ్గురికి, పదకొండున ఐదుగురికి, పన్నెండున ఏడుగురికి, పదమూడున తొమ్మిది మందికి, పద్నాలుగున పది మందికి. మొత్తం 35 మంది. మిగిలిన 65 మందికి అంతకు ముందో, చాలా తర్వాతో. వారికి ఈ కలయికతో గర్భం రాదు.

ఒక్కో గుంపునూ పై పట్టికలోని శాతంతో గుణించాలి. పద్నాలుగున విడుదలైన పది మందిలో 10 శాతం చొప్పున ఒకరు. పదమూడున విడుదలైన తొమ్మిది మందిలో 16 శాతం చొప్పున దాదాపు ఒకటిన్నర. ఇలా అన్నీ కూడితే 6 వస్తుంది. అంటే నూటికి ఆరుగురు. వారిలో ఒకరికి గర్భం తెలియకుండానే పోతుందనుకుంటే మిగిలేది ఐదుగురు.

ఐదారు శాతం అనే ఈ అంకె చూసి 'ఫర్వాలేదు, తక్కువే' అనిపించవచ్చు. కానీ ఆ వంద మందిలో ఎవరి శరీరంలోనూ ఐదారు శాతం అనే అవకాశం లేదు. 65 మందికి అది సున్నా. మిగిలిన 35 మందికి 10 నుంచి 33 వరకు. ఐదారు అన్నది మనకు తెలియనితనాన్ని కలుపుకుని తీసిన సగటు.

విల్‌కాక్స్ బృందం 2001లో ఇదే లెక్కను అసలు రికార్డులతో చేసింది. రుతుచక్రంలో ఏ రోజో చూడకుండా ఒక్క కలయికను తీసుకుంటే, డాక్టరు నిర్ధారించగలిగేంత గర్భం వచ్చే అవకాశం సగటున 3 శాతం. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తే పదమూడో రోజు దగ్గర అది అత్యధికం. అదీ 9 శాతం లోపే. అండం విడుదల నుంచి లెక్కిస్తే 30 శాతం దాటిన అవకాశం, క్యాలెండర్ నుంచి లెక్కించేసరికి 9కి దిగింది. దానర్థం ప్రమాదం తగ్గిందని కాదు. అది ఎన్నో రోజుల మీద పరుచుకుంది. శిఖరం కుంగింది, కానీ వాలు రెండు పక్కలకూ చాలా దూరం సాగింది. రుతుచక్రం ఆరో వారంలోకి వెళ్లినా గర్భం వచ్చే అవకాశం కొద్దిగా మిగిలే ఉంటుందని ఆ అధ్యయనం తేల్చింది.

పద్నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది?

జపాన్‌లోని నీగాటాలో పనిచేసిన స్త్రీవైద్య నిపుణుడు క్యూసాకు ఒగినో 1920లలో, కడుపు ఆపరేషన్ల సమయంలో స్త్రీల అండాశయాలను స్వయంగా చూసి, వారి నెలసరి తేదీలతో పోల్చారు. తర్వాతి నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు అండం విడుదలవుతుందని చెప్పారు. దాదాపు అదే కాలంలో ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ క్నాస్ కూడా విడిగా ఇలాంటి నిర్ణయానికే వచ్చారు. ఇక్కడ గమనించాల్సిన మాట 'తర్వాతి నెలసరికి ముందు' అన్నది. అది గడిచిన నెలసరి నుంచి ముందుకు లెక్కించేది కాదు, రాబోయే నెలసరి నుంచి వెనక్కి లెక్కించేది. రాబోయే తేదీ వచ్చాక గానీ తెలియదు. తెలిసేసరికి ఆ రోజులు గడిచిపోతాయి.

రుతుచక్రంలో అండం విడుదల తర్వాతి భాగం కొంతవరకు స్థిరంగా, సుమారు రెండు వారాలు ఉంటుంది. ముందు భాగమే ఎక్కువగా సాగుతుంది, కుంచించుకుంటుంది. జ్వరం, మానసిక ఒత్తిడి, బరువులో పెద్ద మార్పు, పీసీఓఎస్ లాంటివి దాన్ని వెనక్కి నెట్టగలవు. స్థిరంగా ఉంటుందనుకున్న రెండో భాగం కూడా అంత స్థిరం కాదు. మామూలుగా 28 రోజులకు నెలసరి వచ్చే స్త్రీలలో సైతం, తర్వాతి నెలసరికి సరిగ్గా 14 రోజుల ముందు అండం విడుదలైంది పది శాతం మందికే అని 2000 సంవత్సరంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో విల్‌కాక్స్ బృందం ప్రచురించిన పత్రం చెబుతోంది. మిగిలినవారిలో ఆ వ్యవధి 7 నుంచి 19 రోజుల వరకు ఉంది.

అదే పత్రంలో మరో లెక్క ఉంది. వైద్య సలహాల్లో సాధారణంగా చెప్పే 'పది నుంచి పదిహేడో రోజు వరకు' అన్న హద్దులోనే గర్భం వచ్చే ఆరు రోజులూ పూర్తిగా ఇమిడింది 30 శాతం మందికి మాత్రమే. ఏడో రోజుకల్లా 17 శాతం మంది ఆ ఆరు రోజుల్లోకి ప్రవేశించి ఉన్నారు. ఆరో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు వరకు ఏ రోజు తీసుకున్నా, ఆ రోజున గర్భం వచ్చే స్థితిలో ఉండే అవకాశం కనీసం పది శాతం ఉంది. ఐదో వారంలో కూడా నూటికి నలుగురి నుంచి ఆరుగురు ఆ స్థితిలో ఉన్నారు.

అందుకే 'నెలసరి ఆగగానే భయం లేదు' అన్న మాట అందరికీ వర్తించదు. 24 రోజులకే నెలసరి వచ్చే స్త్రీకి అండం పదో రోజునే విడుదల కావచ్చు. రక్తస్రావం ఆరు రోజులు ఉందనుకుంటే, అది ఆగిన మరుసటి రోజు ఏడో రోజు. విడుదలకు మూడు రోజుల ముందు. శుక్రకణాలు అంతకాలం హాయిగా బతుకుతాయి. మరో పొరపాటు కూడా జరుగుతుంటుంది. అండం విడుదల సమయంలో కొందరికి కొద్దిగా ఎరుపు కనిపిస్తుంది. దాన్ని నెలసరిగా పొరబడితే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజునే మొదటి రోజుగా లెక్కిస్తారు.

పూసల దండ చెప్పిన పాఠం

ఈ క్యాలెండర్ లెక్కను దేశంలో ప్రభుత్వమే ఒకసారి పరీక్షించి చూసింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో కుటుంబ నియంత్రణకు ఖర్చు లేని పద్ధతి కోసం వెతుకుతూ కేంద్ర ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం కోరింది. అమెరికా వైద్యుడు ఏబ్రహాం స్టోన్ ఆధ్వర్యంలో 1952 ప్రాంతంలో ఢిల్లీలోని లోధీ కాలనీలో, నాటి మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో ప్రయోగాలు జరిగాయి. చదువు రాని స్త్రీలు కూడా రోజులు లెక్కించుకునేందుకు రంగురంగుల పూసల దండలు ఇచ్చారు. రోజుకో పూస జరపాలి. ఒక రంగు వస్తే ఫర్వాలేదు, మరో రంగు వస్తే దూరంగా ఉండాలి. పూసలు జరపడం మరచిపోవడం, దండ బయటికి కనిపిస్తే నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గు లాంటి ఇబ్బందులు ఎదురయ్యాయి. పద్ధతి విస్తృతంగా నిలవలేదు.

దాదాపు అర్ధశతాబ్దం తర్వాత పూసల దండ మళ్లీ వచ్చింది. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేసిన ఈ పద్ధతిని ఝార్ఖండ్‌లో 'మాలా చక్ర' పేరుతో పరిచయం చేశారు. ఇందులో 32 పూసలు. నెలసరి మొదటి రోజుకు ఎర్ర పూస. ఎనిమిదో రోజు నుంచి పంతొమ్మిదో రోజు వరకు తెల్ల పూసలు. తెల్ల పూస మీద ఉన్నన్ని రోజులూ రక్షణ లేని కలయిక వద్దు. గర్భం వచ్చే రోజులు ఆరే అయినా తెల్ల పూసలు పన్నెండు. ఆ అదనపు ఆరు పూసలు అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియనందుకు చెల్లించే మూల్యం.

అంత విస్తారమైన హద్దు పెట్టినా ఇది అందరికీ పనికిరాదు. నెలసరి ఎప్పుడూ 26 నుంచి 32 రోజుల మధ్యే వచ్చేవారికి మాత్రమే ఇది సూచించారు. వారిలోనూ నియమం తప్పకుండా పాటిస్తే ఏడాదిలో నూటికి ఐదుగురికి, మామూలుగా జరిగే పొరపాట్లతో పాటిస్తే పన్నెండు మందికి గర్భం వచ్చింది. మన జంట కలిసిన తొమ్మిదో రోజుకు ఈ దండలో ఉన్నది తెల్ల పూసే.

'మాకేం కాలేదు' అన్న సాక్ష్యం

ఇంత అనిశ్చితి ఉన్నా సేఫ్ రోజుల నమ్మకం ఎందుకు చెక్కుచెదరదు? దీనికీ సమాధానం అదే అంకెలో ఉంది. సగటున ఒక కలయికకు 3 శాతం అవకాశం అంటే, ఏ జాగ్రత్తా తీసుకోకపోయినా నూటికి 97 సార్లు ఏమీ జరగదు. ఏ లెక్క వేసుకున్నా, అసలు లెక్కే వేసుకోకపోయినా ఎక్కువసార్లు ఫలితం ఒకటే. 'మేం ఎప్పుడూ ఇలాగే లెక్క చూసుకుంటాం, ఏమీ కాలేదు' అని పక్కింటి అక్క చెబితే ఆమె అబద్ధం ఆడినట్టు కాదు. కానీ ఆ అనుభవం ఆ లెక్క పనిచేసిందని రుజువు చేయదు.

ఒకసారికి చిన్నదిగా ఉన్న అవకాశం మళ్లీ మళ్లీ జరిగితే పెరుగుతుంది. నెలకు ఒక్కసారి, ఏ రోజైనా సరే, రక్షణ లేని కలయిక జరిగిందనుకుందాం. ఒక్కోసారి గర్భం రాకపోవడానికి 97 శాతం అవకాశం. దాన్ని పన్నెండుసార్లు గుణిస్తే 69 శాతం. అంటే ఏడాది తిరిగేసరికి గర్భం వచ్చే అవకాశం దాదాపు 31 శాతం. అందరి శరీరాలూ ఒకేలా ఉండవు కాబట్టి ఇది స్థూలమైన లెక్కే. అయినా 'ఒక్కసారికేగా' అన్న మాట ఏడాదిలో ఎక్కడికి దారితీస్తుందో చూపడానికి చాలు.

అత్యవసర గర్భనిరోధక మాత్రలను అంచనా వేయడంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. వంద మంది వేసుకుంటే 98 మందికి గర్భం రాలేదంటే, ఆ మాత్ర 98 శాతం పనిచేసినట్టు కాదు. మాత్ర లేకపోయినా వారిలో ఎక్కువమందికి వచ్చేది కాదు. మాత్ర లేకుంటే ఎందరికి వచ్చేదో ముందు తెలియాలి. 2001 నాటి లెక్క వేసింది ప్రధానంగా ఇందుకోసమే.

ఈ అంకెలకు ఉన్న హద్దులు

నార్త్ కరోలినా అధ్యయనంలో పాల్గొన్నవారు సంఖ్యలో తక్కువ. అందరూ పిల్లలు కావాలనుకుని వచ్చినవారు. అందువల్ల ఒక జంటకు వర్తించే అంకె దీనికంటే ఎక్కువో తక్కువో కావచ్చు. వయసు ప్రభావం స్పష్టం. ఐరోపాలో 782 జంటలపై జరిగిన అధ్యయనాన్ని 2002లో ప్రచురించినప్పుడు, 19 నుంచి 26 ఏళ్ల స్త్రీలకు ఒకే రకం రోజున గర్భం వచ్చే అవకాశం 35 నుంచి 39 ఏళ్ల వారికంటే దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది. వయసుతో మారింది అవకాశం ఎంత అన్నదే. గర్భం వచ్చే రోజుల వ్యవధి మాత్రం దాదాపు ఒకటే.

శరీరం ఇచ్చే సంకేతాలతో అండం విడుదలను గుర్తించే దారులు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో సమయంలో చెబుతుంది. ఉదయం లేవగానే కొలిచే శరీర ఉష్ణోగ్రత అండం విడుదలయ్యాక కొద్దిగా పెరుగుతుంది. అది జరిగిపోయిన విషయాన్ని చెబుతుంది తప్ప రాబోయేదాన్ని కాదు. మందుల షాపుల్లో దొరికే ఓవ్యులేషన్ స్ట్రిప్ ఎల్‌హెచ్ హార్మోన్ పెరుగుదలను పట్టుకుంటుంది. అండం విడుదలకు అది ఒకటిన్నర రోజు ముందు మొదలవుతుంది. పిల్లలు కావాలనుకునేవారికి ఇది ఉపయోగమే. వద్దనుకునేవారికి కాదు. మూడు నాలుగు రోజుల కిందటి శుక్రకణాలు అప్పటికే లోపల ఉండవచ్చు. పిల్లల కోసం చూస్తూ సరిగ్గా పద్నాలుగో రోజు కోసమే ఆగేవారు కూడా నష్టపోతున్నారు. మంచి రోజులు అంతకు ముందే గడిచిపోయి ఉండవచ్చు.

ఆ ఉదయం ఆమె ముందున్న దారులు

తొమ్మిదో రోజు దాటిన ఆ ఉదయం ఆమె భయం లెక్కకు అందేదే. చేతిలో సమయం కూడా ఉంది. మందుల షాపులో దొరికే లీవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్రను 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. ఆశా కార్యకర్తల దగ్గర కూడా ఇది 'ఈజీ పిల్' పేరుతో ఉంటుంది. ఈ మాత్ర ప్రధానంగా అండం విడుదలను కొన్ని రోజులు వెనక్కి నెడుతుంది. ఎల్‌హెచ్ హార్మోన్ పెరగడం మొదలైపోతే ఇక ఆపలేదు. అంటే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజునే ఇది తక్కువగా పనిచేస్తుంది. అదే రుతుచక్రంలో తర్వాత జరిగే కలయికలకు ఇది రక్షణ ఇవ్వదు. పైగా అండం విడుదల వెనక్కి జరిగింది కనుక, ఆ తర్వాతి రోజులు మరింత జాగ్రత్తగా ఉండాల్సినవి.

కాపర్-టీకి ఈ చిక్కు లేదు. కలయిక జరిగిన ఐదు రోజుల్లోపు శిక్షణ పొందిన డాక్టరు లేదా నర్సు దాన్ని అమర్చితే 99 శాతానికి పైగా రక్షణ ఉంటుంది. రాగి నేరుగా శుక్రకణాలను దెబ్బతీస్తుంది కాబట్టి అండం ఎప్పుడు విడుదలవుతుందన్నదానిపై అది ఆధారపడదు. రెండో బిడ్డకు రెండేళ్లు ఆగాలనుకుంటే దాన్ని అలాగే ఉంచుకోవచ్చు కూడా.

ఫలితం తెలుసుకోవడానికి తొందరపడితే లాభం లేదు. ఫలదీకరణ చెందిన అండం గర్భాశయ గోడకు అంటుకోవడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. మూత్ర పరీక్షలో కనిపించే హెచ్‌సీజీ హార్మోన్ ఆ తర్వాతే మొదలవుతుంది. కలయిక జరిగిన వారానికే టెస్ట్ చేసి ఒక్క గీతే వచ్చిందని ఊపిరి పీల్చుకోవడం పొరపాటు. కలయిక జరిగిన మూడు వారాలకు ఉదయం మొదటి మూత్రంతో పరీక్షిస్తే ఫలితాన్ని నమ్మవచ్చు. ఆశా కార్యకర్త దగ్గర 'నిశ్చయ్' కిట్ దొరుకుతుంది.

ఆయన "ఏం కాదులే" అన్న మాట నూటికి 94 సార్లు నిజమవుతుంది. మిగిలిన ఆరు సార్లలో మీరున్నారో లేదో ఆ రోజు క్యాలెండర్ చెప్పదు. చెప్పే రోజు వచ్చేసరికి మాత్ర వేసుకునే మూడు రోజులు, కాపర్-టీ పెట్టించుకునే ఐదు రోజులు రెండూ దాటిపోయి ఉంటాయి.